ఒకే ఇంట్లోకి మారే ముందు ఇద్దరి అవసరాలను చూపే ఏడు కార్డుల స్ప్రెడ్

ప్రశ్న: "మేమిద్దరం విశాఖలోనే ఉద్యోగాలు చేస్తున్నాం. పరిచయమై రెండేళ్లు దాటింది. పెళ్లి ఇంకా ఖాయం కాలేదు. ఎన్ఏడీ దగ్గర ఒక ఇల్లు చూశాం, ఈ నెలలోనే ఓనరుకు మాట చెప్పాలి. కలిసి ఉండొచ్చా అని నేనొక్కదాన్నే టారోలో ఒక కార్డు తీస్తే టవర్ వచ్చింది. భయమేసింది. తనకు వీటి మీద నమ్మకం లేదు. ఇద్దరికీ ఏం కావాలో తెలిపేలా కార్డులు పరిచే స్ప్రెడ్ ఏదైనా ఉందా? తను లేకుండా నేనే ఇద్దరి తరఫునా తీయవచ్చా?"

సమాధానం:

ముందు ఆ టవర్ సంగతి తేల్చుకుందాం. పిడుగు పడి బురుజు పైనున్న కిరీటం ఎగిరిపోవడం, ఇద్దరు మనుషులు తలకిందులుగా పడుతుండడం ఆ బొమ్మలో ఉన్న దృశ్యం. ఇప్పటివరకు ఉన్న ఏర్పాటు ముగుస్తుందని దాన్ని చదవవచ్చు, ఇంట్లోవాళ్లకు తెలియని విషయం బయటపడుతుందని చదవవచ్చు, కార్డు తీసేటప్పుడు మీ మనసులో ఉన్న బెదురు అదేనని కూడా చదవవచ్చు. ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో చెప్పవలసింది ఆ కార్డు పడిన స్థానం, అంటే దాన్ని ఏ ప్రశ్నకు జవాబుగా తీశారన్నది. మీరు స్థానమేదీ పెట్టుకోకుండా తీశారు కనుక ఆ పని మీ భయం చేసింది. డెక్‌లోని 78 కార్డుల్లో దేని మీదా అవునని గాని కాదని గాని రాసి ఉండదు. అందువల్ల ఆ టవర్‌ను అనుకూలంగానూ ప్రతికూలంగానూ లెక్కలోకి తీసుకోకుండా డెక్‌లో కలిపేయండి.

మీ రెండో ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే చెబుతాను. ఇద్దరి తరఫునా మీరే తీస్తే ఆయన అవసరం అన్న స్థానంలో పడిన కార్డును చదివేది మీరే కాబట్టి, ఆయన గురించి మీరు అనుకుంటున్నదే మీకు కనబడుతుంది తప్ప ఆయనకు కావలసింది కనబడదు. అది తెలుసుకోవడం కూడా ఉపయోగమే, కాని దాన్ని ఆయన అవసరం అని పిలవకూడదు. ఆయన పక్కన కూర్చోవడం వీలైతే అంతకంటె మంచిది లేదు. కూర్చోవడానికి నమ్మకం అక్కరలేదు. ఎదురుగా ఉన్న బొమ్మలో ఏముందో చూసి చెప్పగలిగితే చాలు. ఎలాగూ రాననే పక్షంలో ఏం చేయాలో చివర్లో రాస్తాను.

జంటల కోసం చెప్పే స్ప్రెడ్లలో చాలావాటికి చివరి స్థానం ఫలితం అని ఉంటుంది. ఇల్లు మారే విషయంలో నేను ఆ స్థానం పెట్టను. పెడితే ఇద్దరి కళ్లూ దాని మీదే ఉంటాయి, మిగిలిన కార్డులన్నీ దాని కోసం తొందరగా దాటవలసిన మెట్లయిపోతాయి. పైగా ఇంట్లో చేరడమన్నది వానలాగా తనంతట తాను వచ్చి పడేది కాదు, మీరిద్దరూ కూర్చుని తీసుకునే నిర్ణయం. కనుక స్ప్రెడ్ చూపవలసింది ఆ నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని. నేను వాడే పద్ధతిలో ఏడు కార్డులుంటాయి. ఎడమవైపు ఒకరికి నిలువుగా మూడు, కుడివైపు రెండోవారికి నిలువుగా మూడు, రెంటి మధ్య ఖాళీలో చివరగా ఒకటి.

నిలువు వరుసల్లో పై కార్డు, ఆ ఇంట్లో రోజూ నాకు ఏం లేకపోతే నేను నిలవలేను అన్న అవసరాన్ని చూపుతుంది. మధ్య కార్డు, ఆ ఇంటికి నన్నెవరూ అడగకుండానే నేను ఏం ఇవ్వగలను అన్నదాన్ని చూపుతుంది. కింది కార్డు, ఇల్లు మారితే ఏది పోతుందని భయపడుతున్నాను అన్నదాన్ని చూపుతుంది. ఇద్దరికీ అవే మూడు ప్రశ్నలు. నడిమి కార్డు ఏదో ఒకరిది కాదు. గడపలో అడుగు పెట్టే ముందు ఇద్దరూ కలిసి ఏ విషయం తేల్చుకోవాలి అన్న ప్రశ్న దానిది.

ఇవ్వగలిగినదానికి వేరే స్థానం ఎందుకని అడుగుతారేమో. అవసరాలు మాత్రమే పరిచినప్పుడు రీడింగ్ ఫిర్యాదుల పట్టికగా మారుతుంది, నాకిది కావాలి నాకది కావాలి అన్న దగ్గర ఆగిపోతుంది. ఈ స్ప్రెడ్‌లో అసలు చదవడం అడ్డంగా కాకుండా ఏటవాలుగా జరుగుతుంది: ఒకరి పై కార్డును రెండోవారి మధ్య కార్డుతో కలిపి చదవాలి. ఆమె అవసరం ఆయన ఇవ్వగలిగినదానితో తీరుతుందా, ఆయన అవసరం ఆమె ఇవ్వగలిగినదానితో తీరుతుందా, తీరకపోతే దాన్ని ఇంకెక్కడి నుంచి తెచ్చుకోవాలి అన్న మూడు ముక్కల్లోనే ఈ స్ప్రెడ్ సారమంతా ఉంది.

డెక్ విషయంలో ఒక్క సలహా. లండన్‌లో 1909లో వెలువడిన రైడర్ డెక్‌ను గాని, దాని బొమ్మల తీరులో వచ్చినదాన్ని గాని తీసుకోండి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ సూచనల మీద పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఆ డెక్‌లో చిన్న కార్డులకు సైతం, అంటే 56 మైనర్ కార్డుల్లో దాదాపు అన్నిటికీ, మనుషులతోనో పనులతోనో నిండిన దృశ్యాలున్నాయి. పాత మార్సెయ్ డెక్‌లో నాలుగు కప్పులంటే నాలుగు కప్పులే కనబడతాయి, అర్థం కంఠతా వచ్చినవారికి తప్ప అవి మాట్లాడవు. ఆయనలాంటి నమ్మకం లేని మనిషి చేత మాట్లాడించాలంటే బొమ్మలో కథ ఉండాలి.

ఇక కూర్చునే పద్ధతి. కార్డులు ముట్టుకునే ముందు ఇద్దరూ చెరో కాగితం తీసుకుని, రెండోవారికి చూపకుండా, ఆ ఇంట్లో తమకు తప్పనిసరిగా కావలసినది ఒకే వాక్యంలో రాసి మడిచి పెట్టుకోవాలి. ఈ మెట్టును దాటవేయకండి. కార్డు చూశాక మనసు దానికి తగ్గట్టు అవసరాలను అల్లుకుంటుంది, ముందే రాసిన వాక్యం ఉంటే ఆ అల్లిక పట్టుబడుతుంది. తరవాత డెక్‌ను ఇద్దరూ ఒకరి తరవాత ఒకరు కలపాలి. ఈ స్ప్రెడ్‌లో తలకిందులుగా వచ్చిన కార్డులను నేను నిటారుగా తిప్పేసి చదువుతాను. అవసరం స్థానంలో కార్డు తిరగబడితే నీ అవసరం నిజమైనది కాదని అవతలివారు అనడానికి దారి దొరుకుతుంది, దానితో కూర్చున్న పని చెడుతుంది. కార్డులను బోర్లించి విసనకర్రలా పరిచి ఎవరి మూడు వారే ఏరుకోవాలి. నడిమి కార్డు తీసేవారెవరో ముందే అనుకోండి. ఎవరు తీసినా తేడా లేదు, కాని అప్పటికప్పుడు నువ్వు తీయి నువ్వు తీయి అనుకుంటే తరవాత ఆ కార్డు తీసినవారి నెత్తిన పడుతుంది.

ఒక్కొక్క కార్డు తిప్పినప్పుడు దాని యజమాని ముందుగా బొమ్మలో కనబడుతున్నది మాత్రమే చెప్పాలి: ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఎటు చూస్తున్నారు. ఆ తరవాతే దాన్ని స్థానానికి అన్వయించాలి. రెండోవారు ఆ సమయంలో ప్రశ్న అడగవచ్చు గాని అర్థం చెప్పకూడదు. టారో నేర్చుకున్నవారు జంటలో ఒకరే అయినప్పుడు ఈ నియమం మరీ ముఖ్యం. మీకు కార్డుల అర్థాలు తెలుసు కనుక, ఆయన నోరు విప్పకముందే మీరు చెప్పేసే ప్రమాదం ఉంది.

ఇది ఎలా నడుస్తుందో ఒక జంట రీడింగ్‌తో చూపుతాను. వారి అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. అమ్మాయి మధురవాడ వైపు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తూ ఎంవీపీ కాలనీలో లేడీస్ హాస్టల్లో ఉండేది. అబ్బాయిది గాజువాక వైపు షిఫ్టు డ్యూటీ, సహోద్యోగితో కలిసి అక్కడే ఒక గది. ఇద్దరికీ మధ్యన ఉంటుందని ఎన్ఏడీ కొత్త రోడ్డు దగ్గర ఒక పడకగది, హాలు ఉన్న ఇల్లు చూసి దాదాపు ఖాయం చేసుకున్నాక నా దగ్గరకు వచ్చారు.

అమ్మాయికి అవసరం స్థానంలో ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. చర్చిలో సమాధి మీద ఒక యోధుడి శిల్పం చేతులు జోడించుకుని పడుకుని ఉంటుంది, గోడకు మూడు కత్తులు, కింద ఒకటి, పైన రంగు అద్దాల కిటికీ. ఆమె బొమ్మను చూసి, "ఇతన్ని ఎవరూ లేపడం లేదు" అంది. మడిచిన కాగితం విప్పితే, ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు నన్నెవరూ పలకరించకూడదు అని ఉంది. కాగితానికీ కార్డుకూ ఇంత దగ్గరగా కుదరడం తరచూ జరిగేది కాదు, కుదరనంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. రెంటి మధ్య ఎడం ఉంటే ఆ ఎడం గురించే ఆమె చేత మాట్లాడించి ఉండేవాణ్ణి.

ఇవ్వగలిగినది అన్నచోట క్వీన్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. పూలతీగల నీడన సింహాసనం, ఒళ్లో బంగారు నాణెం, కాళ్ల దగ్గర ఒక మూలన కుందేలు. ఇల్లు చక్కదిద్దడం, ఖర్చు లెక్క చూడడం తనకు బరువనిపించదని ఆమె చెప్పింది. భయం స్థానంలో నైన్ ఆఫ్ పెంటకిల్స్. ద్రాక్షతోటలో ఖరీదైన బట్టలతో ఒంటరిగా నిలబడిన స్త్రీ, చేతి మీద కళ్లకు టోపీ తొడిగిన డేగ. చాలా పుస్తకాల్లో ఇది సుఖానికి, స్వయం సమృద్ధికి గుర్తుగా ఉంటుంది, కాని స్థానం భయానిది కనుక ఆ సుఖం పోతుందేమోనన్న దిగులుగా చదవాలి. కొత్తగా చదివేవారు ఇక్కడే జారిపోతారు, మంచి కార్డు వచ్చింది కదా అని దాటేస్తారు. ఆమె మాత్రం దాటలేదు. తన జీతం తన పేరున, తన నిర్ణయం మీద ఉండడం ఉద్యోగంలో చేరాకే మొదలైందని, ఇల్లు కలిశాక అది ఎవరికీ కనబడకుండానే కరిగిపోతుందేమోనని చెప్పింది. అబ్బాయి ఆ మాట అంతకుముందు వినలేదు.

అబ్బాయి అవసరం స్థానంలో త్రీ ఆఫ్ కప్స్. ముగ్గురు ఆడవాళ్లు కప్పులు పైకెత్తి ఆడుతున్న బొమ్మ. కాగితంలో ఆయన రాసుకున్నది, ఇంటికి మనుషులు రావాలి అని. ఇవ్వగలిగినది నైట్ ఆఫ్ పెంటకిల్స్. డెక్‌లో నలుగురు నైట్లు, అంటే గుర్రపు యోధులు, ఉండగా ఇతని గుర్రం ఒక్కటే పూర్తిగా నిలబడి ఉంటుంది, వెనక దున్నిన చేను. చెప్పిన పని చెప్పినట్టు చేయడం, తొందరపడకపోవడం. అమ్మాయి నవ్వి, గ్యాస్ బుకింగ్ నుంచి కరెంటు బిల్లు దాకా ఆయన ఏదీ మరిచిపోడని ఒప్పుకుంది. భయం స్థానంలో ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్. మంచులో చిరుగుల బట్టలతో ఇద్దరు నడుస్తుంటారు, ఒకరికి ఊతకర్రలు, వారి పైన చర్చి కిటికీలో దీపపు వెలుగు. అబ్బాయి దాన్ని కాసేపు పట్టుకుని, "లోపల వెలుగుంది, వీళ్లు మాత్రం బయటే" అన్నాడు. డబ్బు గురించి అనుకున్నాను గాని ఆయన చెప్పింది వేరు. పెళ్లికి ముందే ఒక ఇంట్లో ఉంటున్నారని ఊళ్లో తెలిస్తే సంక్రాంతికి అమ్మ దగ్గరకు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి, అక్క తన ఇంటికి పిలుస్తుందా అన్నది ఆయన దిగులు.

ఇప్పుడు ఏటవాలుగా చదివితే మొదటి జోడు, ఆమె నిశ్శబ్దం, ఆయన నైట్. నిదానస్తుడు కనుక కుదిరినట్టే కనబడుతుంది. కాని రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజు ఆయన పగలు నిద్రపోవాలి, ఆమెకు వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని, ఫోన్లలో మీటింగులు. నిశ్శబ్దం ఆమె ఒక్కదాని అవసరమని అందరం అనుకుంటుండగా, ఆ గంట తనకూ కావాలని, అది మరో వేళలో అని అబ్బాయి అన్నాడు. జోడు కుదిరిందని తేల్చేసే ముందు దాన్ని వారి దినచర్యలో పెట్టి చూడాలనేది ఇందుకే. నైట్ ఆఫ్ పెంటకిల్స్ స్థిరత్వం అని పుస్తకం చెబుతుంది, ఆ స్థిరమైన మనిషి ఏ వేళకు ఇంట్లో ఉంటాడో చెప్పదు.

రెండో జోడు ఇంతకంటె చిక్కైనది. ఆయనకు మనుషులు రావాలి, ఆమె క్వీన్. పైపైన చూస్తే అతిథులకు ఇంతకంటె మంచి ఇల్లాలు లేదనిపిస్తుంది, నా దగ్గరకు రాకముందు వారిద్దరూ అలాగే అనుకున్నారు. నేను వారిని త్రీ ఆఫ్ కప్స్‌ను, క్వీన్‌ను పక్కపక్కన పెట్టి మళ్లీ చూడమన్నాను. కప్పుల కార్డులో ముగ్గురూ నిలబడి ఆడుతున్నారు, ముగ్గురి చేతుల్లోనూ కప్పులున్నాయి, వడ్డించేవారెవరూ లేరు. క్వీన్ ఒంటరిగా కూర్చుని తన ఒడిలోకి చూసుకుంటోంది. "మీ స్నేహితులు శనివారం వస్తే టీ పెట్టేదెవరు, గిన్నెలు తోమేదెవరు?" అని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇవ్వగలను అని ఒకరు చెప్పిన గుణాన్ని రెండోవారు హక్కుగా లెక్క వేసుకోవడం ఈ స్ప్రెడ్ బయటపెట్టే తప్పుల్లోకెల్లా తరచూ కనబడేది. ఇల్లు దిద్దుకోవడం ఇష్టమన్నది ఆమె మాట, వచ్చినవారందరికీ వండిపెట్టడం ఇష్టమని ఆమె అనలేదు.

కింది రెండు కార్డులను ఎదురెదురుగా పెట్టి చూస్తే మరో సంగతి తెలిసింది. ఒకటి తోట లోపల నిలబడిన మనిషి, మరొకటి వెలుగున్న గోడకు బయట నడిచే మనుషులు. ఆమెకు తన లోపలి చోటు పోతుందన్న భయం, ఆయనకు తన వాళ్ల లోపలికి రానివ్వరన్న భయం. అందుకే ఆయన ఇంటికి మనుషులను పిలవాలనుకుంటున్నాడు, అందుకే ఆమె తలుపు మూసుకోవాలనుకుంటోంది. ఎవరి అవసరం వెనక వారి భయం అలా నిలబడి ఉంటుంది కనుకనే పై కార్డును కింది కార్డు చూడకుండా ముగించకూడదు.

నడిమి కార్డు టూ ఆఫ్ పెంటకిల్స్. ఎత్తైన టోపీ పెట్టుకున్న మనిషి రెండు నాణేలను ఎగరేసి ఆడిస్తుంటాడు, వాటిని చుట్టి మెలికపడిన పట్టీ, వెనక ఎగసిపడే అలల మీద ఓడలు. రోజూ హార్బరును చూసే మనకు ఆ ఓడలు ముందు కనబడతాయి గాని చూడవలసింది ఆ రెండు నాణేలను. తేల్చుకోవలసిన రెండు ఏమిటని అడిగితే మొదట ఇద్దరి జీతాలన్నారు, తరవాత రెండు ఆఫీసుల దూరాలన్నారు. చివరికి అమ్మాయి, హాస్టల్లో తన మంచాన్ని కొన్నాళ్లు వదలకుండా డబ్బు కడుతూ ఉందామనుకున్నానని చెప్పింది. అబ్బాయి కూడా గాజువాక గదిలో తన వాటా వదలలేదట. రెండోవారు నమ్మకం లేదనుకుంటారేమోనని ఇద్దరూ దాచారు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కార్డు ఆ రహస్యాన్ని కనిపెట్టలేదు. అడుగు పెట్టే ముందు ఏం తేల్చుకోవాలి అన్న ప్రశ్న వారి ముందు గట్టిగా నిలబడింది, రెండు నాణేల బొమ్మ చెప్పడానికి ఒక ఊతం ఇచ్చింది. మరో కార్డు వచ్చి ఉంటే అదే విషయం ఇంకో దారిన వచ్చేదేమో, రాకుండానూ పోయేదేమో.

ఏడు కార్డులూ తిరిగాక మొత్తం మీద ఒక చూపు వేయాలి. ఈ రీడింగ్‌లో అయిదు పెంటకిల్స్, ఒక కప్, ఒక స్వోర్డ్ ఉన్నాయి, నాలుగో సూట్ అయిన వాండ్స్ లేవు, టవర్, లవర్స్ వంటి మేజర్ కార్డు ఒక్కటీ లేదు. పెంటకిల్స్ డబ్బుకు, శరీరానికి, చేతిపనికి, ఇంటికి చెందిన సూట్. కనుక ప్రేమ ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదని, అద్దె, గది, పని, వేళలు అన్నవే మాట్లాడుకోవాలని ఆ పొందిక సూచించింది. మేజర్ కార్డులు రాలేదంటే ఈ బంధంలో పెద్ద విషయమేదీ లేదని కొందరు చదువుతారు. అంత బరువు దాని మీద పెట్టకండి. 78లో మేజర్‌లు 22, ఏడు తీస్తే సగటున రెండు రావాలి, అయినా ఒక్కటీ రాకపోవడం దాదాపు పదకొండు సార్లకు ఒకసారి జరిగేదే. ఒకే సూట్ అయిదు రావడం దానికంటె ఎంతో అరుదు, అందుకే దాన్ని పట్టించుకున్నాను.

వారు ఆ రోజే కాగితం మీద రాసుకున్నవి ఇవి. చూసిన ఇల్లు వద్దు, హాలు నుంచి పడకగదిలోకి అన్నీ వినబడే ఇంట్లో నిశ్శబ్దమూ అతిథులూ ఒకేసారి ఇమడవు. గోపాలపట్నం వైపు కాస్త లోపలికి వెళ్లినా సరే, తలుపున్న రెండో గది ఉండాలి. స్నేహితులు వచ్చే రోజు ముందే చెప్పాలి, ఆ పూట తిండి బయటి నుంచి రావాలి, గిన్నెల పని ఆయనది. పదకొండు నెలల అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆమె ఖాతా ఆమెకే, ఇంటి ఖర్చుకు మాత్రం ఇద్దరూ ఒకచోట వేయాలి. పాత చోట్లను రెండు నెలలు దాచకుండా ఉంచుకోవాలి. ఊళ్లో అమ్మకు ఆయన స్వయంగా వెళ్లి చెప్పాలి, ఆ తరవాతే సామాను కదలాలి. చివరిదాని కోసం ఇల్లు మారడం ఒక నెల వెనక్కి జరిగింది. ఇల్లు చూపించిన ఓనరు "ఫ్యామిలీయేనా" అని అడిగినప్పుడు ఏం చెప్పాలన్నది కూడా వారు అప్పుడే మాట్లాడుకున్నారు. అబద్ధం చెప్పి చేరితే నెల తిరక్కుండా ఖాళీ చేయవలసి రావచ్చు గనుక, తెలిసి ఒప్పుకునేవారి ఇల్లే చూసుకోవాలని ఇద్దరూ అనుకున్నారు.

మీరు పరిచేటప్పుడు రెండు పొరపాట్లు జరగకుండా చూసుకోండి. మొదటిది, కార్డు అర్థం కాలేదని దాని మీద ఇంకొకటి, ఆపైన మరొకటి తీయడం. ఇష్టంలేని కార్డు మీదే మనం ఇలా అదనపు కార్డులు వేస్తాం, నచ్చిన టెన్ ఆఫ్ కప్స్ మీద ఎవరూ వేయరు. ఏ కార్డు మీద వివరణ కావాలనిపించిందో గమనించి, ఆ స్థానం గురించే మాట్లాడుకోండి. రెండోది, నడిమి కార్డును ఫలితంగా చదవడం. అక్కడ లవర్స్ వస్తే కలిసి ఉండమని చెప్పినట్టు ఎగిరి గంతేయకండి. పాత మార్సెయ్ డెక్‌లో ఆ కార్డు మీద ఇద్దరు స్త్రీల మధ్య నిలబడిన యువకుడు ఉంటాడు, ఎంచుకోవడమన్న అర్థం అక్కడిది. నడిమిన వచ్చిన లవర్స్, ఏదో ఒకదాన్ని మీరు ఎంచుకోకుండా వాయిదా వేస్తున్నారేమో చూడమంటుంది. అలాగే డెత్ వస్తే చావు కాదు, ముగించవలసిన పాత ఏర్పాటు ఏమిటో తేల్చమని చదవాలి. టవర్ మళ్లీ వస్తే, ఏ విషయం హఠాత్తుగా బయటపడితే ఈ ఏర్పాటు కూలుతుందో దాన్ని ముందే చెప్పుకోవాలని చదవండి.

ఈ స్ప్రెడ్ పనికిరాని చోటు కూడా ఒకటుంది. తన కార్డు గురించి మాట్లాడేటప్పుడు ఒకరు ప్రతిసారీ రెండోవారి ముఖం చూసి మాట మార్చుకుంటున్నా, నాకు కావలసింది నీ ఫోన్ చూడడం, నువ్వు ఎవరితోనూ మాట్లాడకపోవడం వంటివి అవసరం పేరుతో వచ్చినా, నేను కార్డులు మూసేస్తాను. అవతలి మనిషి స్వేచ్ఛను లాక్కునేదాన్ని అవసరం అని పేరు పెట్టి పక్కవారు ఇవ్వగలిగినదానితో జోడించకూడదు. అటువంటప్పుడు భయపడుతున్నవారు ఒంటరిగా, తమకు నమ్మకమైన మనిషితో మాట్లాడాలి, ఇల్లు మారే మాట అప్పటిదాకా ఆగాలి. అద్దె ఒప్పందం, చట్టపరమైన రక్షణ వంటి వాటికి వకీళ్లు ఉన్నారు, కార్డులు కాదు.

ఇక ఆయన కూర్చోనంటే ఇలా చేయండి. ఎడమ వరుసలో మీ మూడు కార్డులూ పరవండి, కుడి వరుసలో కార్డులు పెట్టకుండా మూడు ఖాళీ కాగితాలు పెట్టండి. మీ అవసరం చదివాక, దాన్ని తీర్చడానికి ఆయన ఏం ఇవ్వాలని కోరుకుంటున్నారో మధ్య కాగితం మీద మీ మాటల్లో రాయండి. అది ఆయన గుణం కాదు, మీ కోరిక. పై కాగితం మీదా కింది కాగితం మీదా ఒక్కొక్క ప్రశ్న రాయండి: ఆ ఇంట్లో నీకు రోజూ ఏం తప్పనిసరి, అక్కడికి వస్తే ఏం పోతుందని అనిపిస్తోంది. నడిమి కార్డు తీయకండి, అది ఇద్దరిదీ. ఆ రెండు ప్రశ్నలనూ టారో పేరెత్తకుండా, ఇల్లు మరోసారి చూడడానికి వెళ్లినప్పుడు గదుల్లో తిరుగుతూ అడగండి. వంటగది, బాల్కనీ, స్నానాల గది కళ్లెదుట ఉన్నప్పుడు మనుషులు తమకు కావలసినది సులువుగా చెబుతారు. ఆయన చెప్పినవి చెప్పినట్టు కాగితాల మీద రాసుకుని, ఆయన అవసరం ఎదుట మీ మధ్య కార్డును పెట్టి చూడండి. మీరు ఇవ్వగలిగినదానితో అది తీరకపోతే ఓనరును ఇంకో వారం గడువు అడగండి.